పింగ్, ట్రేస్‌రూట్‌ల వెనకున్న ఐసీఎంపీ

ఐపీ ప్యాకెట్‌ను గమ్యం చేరుస్తానని ఏ రౌటరూ మాట ఇవ్వదు. క్యూ నిండిపోతే పారేస్తుంది, దారి తెలియకపోతే పారేస్తుంది, ప్యాకెట్ మరీ ఎక్కువసేపు తిరుగుతోందని తోస్తే అప్పుడూ పారేస్తుంది. ఎందుకు పారేసిందో పంపినవారికి చెప్పడానికి ఐపీ హెడర్‌లో చోటు లేదు. ఆ కబురు మోసుకెళ్లడానికి పెట్టుకున్నదే ఐసీఎంపీ. దాని నిర్వచనం 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 792లో ఉంది. నలభై ఏళ్లు దాటినా అసలు రూపం మారలేదు. ఐసీఎంపీ సందేశం కూడా మామూలు ఐపీ ప్యాకెట్‌లోనే కూర్చుని ప్రయాణిస్తుంది. ఐపీ హెడర్‌లో ప్రోటోకాల్ సంఖ్య 1 అని ఉంటే లోపల ఉన్నది ఐసీఎంపీ అని అర్థం. అందుకే ఈ కబురుకూ గ్యారంటీ లేదు. పారేసిన ప్యాకెట్ గురించి చెప్పడానికి బయలుదేరిన సందేశమే దారిలో పోవచ్చు. పింగ్, ట్రేస్‌రూట్ ఇచ్చే ఫలితాలను చదివేటప్పుడు వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

సందేశం నిర్మాణం చిన్నది. మొదటి బైటు టైప్, అంటే సందేశం ఏ జాతిదో చెప్పే సంఖ్య. రెండోది కోడ్, ఆ జాతిలో ఏ రకమో చెబుతుంది. తర్వాతి రెండు బైట్లు చెక్‌సమ్. ఆపై నాలుగు బైట్లను ఒక్కో టైప్ ఒక్కో పనికి వాడుకుంటుంది. ఈ ఎనిమిది బైట్ల తర్వాత ఏముంటుందన్నదాన్ని బట్టి ఐసీఎంపీ సందేశాలు రెండు తెగలుగా విడిపోతాయి. ఒకటి అడిగి చెప్పించుకునేది. టైప్ 8 ఎకో అభ్యర్థన, టైప్ 0 దానికి జవాబు. రెండోది ఎవరూ అడగకుండానే వచ్చేది, అంటే లోపాన్ని తెలిపేది. టైప్ 3 గమ్యం చేరలేదని, టైప్ 11 గడువు తీరిపోయిందని చెబుతాయి. పింగ్ మొదటి తెగ మీద, ట్రేస్‌రూట్ రెండో తెగ మీద బతుకుతున్నాయి. ఇవి కాక మరికొన్ని టైప్‌లున్నా వాటి ప్రస్తావన ఇక్కడ పెద్దగా అక్కర్లేదు. టైప్ 5 మరో రౌటర్ దగ్గరి దారి అని సూచిస్తుంది. వేగం తగ్గించమని చెప్పే టైప్ 4 ఏ రద్దీనీ సరిగా అదుపు చేయలేకపోయింది. 2012లో దాన్ని అధికారికంగా పక్కన పెట్టేశారు.

టైప్ 3 కింద కోడ్‌లు చాలా ఉన్నాయి. వాటి మధ్య తేడా అసలు విషయం. కోడ్ 0 ఆ నెట్‌వర్క్‌కు దారి లేదంటుంది. ఇది దారి మధ్యలోని రౌటర్ చెప్పే మాట. కోడ్ 1 ఆ హోస్ట్ దొరకలేదంటుంది. ఇది సాధారణంగా చివరి రౌటర్ మాట. వీధి వరకు వెళ్లి, ఇంట్లో ఎవరూ పలకలేదని చెప్పడం లాంటిది. కోడ్ 3 ఆ పోర్ట్ దగ్గర వినేవారు లేరంటుంది. దీన్ని చెప్పేది స్వయంగా గమ్యమే. కాబట్టి కోడ్ 3 రావడం వైఫల్యంలా కనబడినా గమ్యం బతికే ఉందనడానికి సాక్ష్యం. కోడ్ 4 ప్యాకెట్ పెద్దదైంది, ముక్కలు చేయవద్దన్నారు కాబట్టి ముందుకు పంపలేనంటుంది. కోడ్ 13 ఫిల్టర్ అడ్డుకుందన్న ఒప్పుకోలు. ఇంత నిజాయితీగా ఒప్పుకునే ఫైర్‌వాల్‌లు తక్కువ. చాలావరకు ప్యాకెట్‌ను మింగేసి ఊరుకుంటాయి.

లోపం తెలిపే సందేశాల్లో ఉన్న అసలు తెలివి వాటి తోకలో ఉంది. చిరునామా దొరకని ఉత్తరాన్ని టపాశాఖ ఖాళీ చీటీ రాసి పంపదు, ఉత్తరాన్నే ముద్ర వేసి వాపసు పంపుతుంది. ఐసీఎంపీ కూడా పారేసిన ప్యాకెట్ ముక్కను జత చేసి పంపుతుంది. ఆర్‌ఎఫ్‌సీ 792 ప్రకారం ఆ ముక్కలో ఐపీ హెడర్ మొత్తం, దాని తర్వాతి ఎనిమిది బైట్లు ఉండాలి. ఎనిమిదే ఎందుకు? టీసీపీ, యూడీపీ రెండింటిలోనూ పంపిన పోర్ట్, చేరాల్సిన పోర్ట్ మొదటి నాలుగు బైట్లలోనే ఉంటాయి. యూడీపీకైతే హెడర్ మొత్తం ఎనిమిది బైట్లే. పోర్ట్‌లు తెలిస్తే ఏ ప్రోగ్రాం పంపిన ప్యాకెట్ వాపసు వచ్చిందో ఆపరేటింగ్ సిస్టమ్ పోల్చుకోగలదు. 1995 నాటి రౌటర్ నిబంధనలు ఇంకాస్త ఉదారంగా, సందేశం మొత్తం 576 బైట్లు దాటకుండా ఎంత వీలైతే అంత జత చేయమన్నాయి. అయినా లెక్కపెట్టుకోదగ్గది ఆ ఎనిమిదే.

ఇంకో కట్టుబాటు ఉంది. ఐసీఎంపీ లోప సందేశం పోయిందని మరో లోప సందేశం పంపకూడదు. లేకపోతే రెండు రౌటర్లు ఒకదాని ఫిర్యాదు మీద మరొకటి ఫిర్యాదు రాసుకుంటూ పోతాయి. ఎకో అభ్యర్థనకు ఈ నిషేధం వర్తించదు. అది లోప సందేశం కాదు కాబట్టి, దాన్ని పారేసినప్పుడు లోప సందేశం పంపవచ్చు. విండోస్‌లోని ట్రేస్‌రూట్ ఈ వెసులుబాటు మీదే నడుస్తుంది.

ముందు పింగ్ సంగతి. 1983 డిసెంబరులో అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో మైక్ మూస్ అనే ప్రోగ్రామర్ నెట్‌వర్క్ ఒకటి వింతగా ప్రవర్తిస్తుంటే కారణం వెతకడానికి దీన్ని రాశాడు. జలాంతర్గామి ధ్వని పంపి ప్రతిధ్వని కోసం వేచి ఉన్నట్టే ఇదీ ఎకో పంపి జవాబు కోసం వేచి ఉంటుంది. పేరు ఆ సోనార్ శబ్దం నుంచే వచ్చింది. పొడి అక్షరాల సంక్షిప్త రూపమన్న ప్రచారం తర్వాతి కల్పన. ప్రోగ్రాం పూర్తయ్యేసరికి ఆ నెట్‌వర్క్ లోపాన్ని ఎవరో సరిచేసేశారని మూస్ స్వయంగా చెప్పుకున్నాడు.

టైప్ 8 సందేశంలో ఆ చివరి నాలుగు బైట్లను పింగ్ రెండుగా చీల్చి వాడుతుంది. మొదటి రెండు గుర్తింపు సంఖ్య. ఒకే యంత్రం మీద రెండు పింగ్‌లు నడుస్తుంటే ఎవరి జవాబు ఎవరిదో తేల్చేది ఇదే. తర్వాతి రెండు వరుస సంఖ్య, పంపిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. మిగిలినది డేటా. గమ్యం దాన్ని అక్షరం మార్చకుండా తిరిగి పంపాలన్నది నియమం. ఆ నియమాన్ని పింగ్ చక్కగా సొమ్ము చేసుకుంది. పంపిన క్షణాన్ని తన దగ్గర రాసిపెట్టుకోకుండా ప్యాకెట్ డేటాలోనే రాసి పంపుతుంది. జవాబు రాగానే ఇప్పటి సమయంలోంచి అందులో ఉన్న సమయాన్ని తీసేస్తే చాలు. రెండు సమయాలూ ఒకే గడియారానివి కాబట్టి అవతలి గడియారం తప్పుగా ఉన్నా లెక్క చెడదు. ఆ సౌకర్యానికి మూల్యం కూడా ఉంది. తెలిసేది రానూపోనూ సమయం మాత్రమే. వెళ్లడానికి ఎంత పట్టిందో, రావడానికి ఎంత పట్టిందో విడదీయడం పింగ్ వల్ల కాదు.

హైదరాబాద్‌లోని ఒక ఇంటి నుంచి సింగపూర్‌లోని సర్వర్‌ను పలకరించారనుకుందాం. కింది అంకెలు, చిరునామాలు వివరణ కోసం పెట్టినవే.

```
$ ping -c 3 203.0.113.80
PING 203.0.113.80 (203.0.113.80) 56(84) bytes of data.
64 bytes from 203.0.113.80: icmp_seq=1 ttl=55 time=48.3 ms
64 bytes from 203.0.113.80: icmp_seq=2 ttl=55 time=48.1 ms
64 bytes from 203.0.113.80: icmp_seq=3 ttl=55 time=48.2 ms
```

లినక్స్ 56 బైట్ల డేటా పంపింది. దానికి ఐసీఎంపీ హెడర్ ఎనిమిది, ఐపీ హెడర్ ఇరవై కలిపితే 84. `ttl=55` అన్నది జవాబు ప్యాకెట్ ఇల్లు చేరేసరికి దానిలో మిగిలిన టీటీఎల్. ప్రతి రౌటరూ ప్యాకెట్‌ను ముందుకు తోసే ముందు ఈ సంఖ్యలోంచి ఒకటి తీసేస్తుంది. లినక్స్ యంత్రాలు సాధారణంగా 64తో, విండోస్ 128తో, చాలా రౌటర్లు 255తో మొదలుపెడతాయి. 55కు పైన దగ్గరలో ఉన్నది 64. అంటే జవాబు తొమ్మిది రౌటర్లు దాటి వచ్చిందని అనుకోవచ్చు. ఈ తొమ్మిది ముందుముందు పనికొస్తుంది.

48 మిల్లీసెకన్లన్న అంకెకు కూడా ఒక తూకం ఉంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రానూపోనూ లెక్కలో 100 కిలోమీటర్ల దూరానికి ఒక మిల్లీసెకను. చెన్నై నుంచి సింగపూర్‌కు ముక్కుసూటిగా సుమారు 2,900 కిలోమీటర్లు కాబట్టి ఆ ఒక్క సముద్రపు దూరానికే 29 మిల్లీసెకన్లు తప్పవు. తీగ వంకర్లు పోతుంది కనుక ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఈ లెక్కను తిరగేసి కూడా వాడవచ్చు. 48 మిల్లీసెకన్లలో జవాబిచ్చిన యంత్రం 4,800 కిలోమీటర్లకు మించి దూరంలో ఉండదు. అది కాలిఫోర్నియాలో ఉందని ఏ చిరునామా పట్టిక చెప్పినా నమ్మనక్కర్లేదు. హైదరాబాద్‌కు అది 13,000 కిలోమీటర్ల పైమాట, అంటే 130 మిల్లీసెకన్లకు తక్కువలో జవాబు రాదు. ఎంత దూరంలో లేదో పింగ్ రుజువు చేయగలదు. ఎంత దూరంలో ఉందో మాత్రం చెప్పలేదు. ఆలస్యానికి దూరం ఒక్కటే కారణం కాదు మరి.

జవాబు వస్తే సంగతి తేలిపోయినట్టే. ప్యాకెట్ వెళ్లే దారి, వచ్చే దారి, అవతలి యంత్రం మూడూ పనిచేస్తున్నాయి. రాకపోతే ఏదీ తేలదు. అభ్యర్థన పోయిందో, జవాబు పోయిందో, గమ్యం ఆగిపోయిందో, ఫైర్‌వాల్ టైప్ 8ను మింగిందో తెలియదు. వెబ్‌సైట్ హాయిగా తెరుచుకుంటూనే పింగ్‌కు మాత్రం ఉలుకూ పలుకూ లేని సర్వర్లు ఎన్నో ఉన్నాయి.

మౌనానికీ, తిరస్కారానికీ తేడా గమనించాలి. లినక్స్ తెరపై ఇలాంటి వరుస వస్తే అది తిరస్కారం:

```
From 192.168.1.10 icmp_seq=1 Destination Host Unreachable
```

ఇక్కడ చూడాల్సింది చివరి మూడు మాటలను కాదు, మొదట్లో ఉన్న చిరునామాను. అది పింగ్ కొట్టిన యంత్రం సొంత చిరునామా అయితే ప్యాకెట్ ఇంటి గడప కూడా దాటలేదు. పక్కనున్న రౌటర్ గానీ హోస్ట్ గానీ ఏఆర్‌పీ పిలుపుకు పలకలేదన్నమాట. కేబుల్ ఊడిందేమో, వైఫై తెగిందేమో, చిరునామా తప్పుగా పెట్టారేమో చూసుకోవాలి. అదే దూరపు రౌటర్ చిరునామా అయితే దారి అక్కడిదాకా బాగానే ఉంది, ఇబ్బంది దాని అవతల ఉంది. విండోస్ ఇక్కడ ఒక మోసం చేస్తుంది. లోప సందేశాన్ని కూడా `Reply from` అనే మొదలుపెట్టి చూపి, వచ్చిన జవాబుల లెక్కలో కలిపేస్తుంది. చివర్లో `0% loss` కనబడుతుంది, గమ్యానికి మాత్రం ఒక్క ప్యాకెట్ కూడా చేరి ఉండదు. ఆ చివరి వరుస ఒక్కటే చూసి నెట్‌వర్క్ బాగుందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ట్రేస్‌రూట్ వేరే ప్రశ్న అడుగుతుంది, అదీ దొడ్డిదారిన. ప్యాకెట్ ఏ రౌటర్ల గుండా వెళ్తుందో చెప్పమని ఐపీలో అడిగే వీలుంది గానీ ఎవరూ నమ్ముకోదగ్గది కాదు. దారి గుర్తుపెట్టుకునే ఐచ్ఛికానికి హెడర్‌లో తొమ్మిది చిరునామాలకే చోటుంది, పైగా చాలా రౌటర్లు దాన్ని పట్టించుకోవు. స్టీవ్ డీరింగ్ ఇచ్చిన సూచన మీద, లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీలో వాన్ జేకబ్సన్ వేరే దారి పట్టాడు. 1988 డిసెంబరులో ఆ ప్రోగ్రాంను అందరికీ విడుదల చేశాడు. ఆ సూచన ఇది. టీటీఎల్ ఉన్నది ప్యాకెట్లు నెట్‌వర్క్‌లో గుడుగుడు గుంచంలా తిరుగుతూ ఉండిపోకుండా చంపడానికి. సున్నా చేసిన రౌటర్ ప్యాకెట్‌ను పారేసి, టైప్ 11 కోడ్ 0 సందేశం పంపాలి. ఆ సందేశం మీద పంపిన రౌటర్ చిరునామా ఉంటుంది. కావాలనే టీటీఎల్ 1 పెట్టి పంపితే మొదటి రౌటర్, 2 పెడితే రెండోది, 3 పెడితే మూడోది తమ పేరు తామే చెప్పుకుంటాయి.

దారి చివరికి వచ్చామని తెలిసేదెలా? గమ్యం ప్యాకెట్‌ను ముందుకు తోయదు కాబట్టి టైప్ 11 పంపదు. అందుకని యూడీపీ ప్యాకెట్‌ను, ఎవరూ వింటూ ఉండని పోర్ట్‌కు పంపాలన్నది జేకబ్సన్ ఉపాయం. గమ్యం టైప్ 3 కోడ్ 3 పంపుతుంది. పోర్ట్‌లు 33434 నుంచి మొదలవుతాయి. ప్రతి ప్యాకెట్‌కూ పోర్ట్ ఒకటి పెరుగుతుంది. వాపసు వచ్చిన ఎనిమిది బైట్లలో ఆ పోర్ట్ సంఖ్య ఉంటుంది కాబట్టి ఏ ప్యాకెట్ ఎక్కడ చచ్చిందో ట్రేస్‌రూట్ వెంటనే లెక్కగట్టగలదు. హాప్‌కు మూడు ప్యాకెట్ల చొప్పున పంపుతుంది. 33449 అని ఉన్న ముక్క వస్తే అది పదహారో ప్యాకెట్, అంటే ఆరో హాప్‌కు పంపిన మొదటిది. ఇప్పటి లినక్స్ ట్రేస్‌రూట్ ఒకేసారి పదహారు ప్యాకెట్లను వదిలి జవాబులు ఏ వరుసలో వచ్చినా సర్దుకోవడానికి ఈ గుర్తే ఆధారం. విండోస్‌లోని `tracert` మాత్రం యూడీపీ బదులు ఎకో అభ్యర్థనలు పంపుతుంది. దారిలో టైప్ 11లు, చివర టైప్ 0 వస్తాయి. ఒకే చోటి నుంచి ఈ రెండూ వేర్వేరు ఫలితాలిస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. దారిలోని ఏదో ఫైర్‌వాల్ యూడీపీని ఒకలా, ఎకోను మరోలా చూస్తోంది.

పాత ట్రేస్‌రూట్ మాన్యువల్‌లో ఒక ముచ్చట ఉంది. అప్పటి బీఎస్‌డీ యూనిక్స్‌లోని లోపం వల్ల కొన్ని యంత్రాలు లోప సందేశానికి కొత్త టీటీఎల్ పెట్టకుండా, వచ్చిన ప్యాకెట్‌లో మిగిలినదాన్నే పెట్టి పంపేవి. గమ్యం అలాంటిదైతే దాని జవాబు తిరుగుదారిలోనే చచ్చిపోతుంది. దారికి దాదాపు రెట్టింపు టీటీఎల్ పెట్టి పంపితే తప్ప ఇల్లు చేరదు. ఫలితంగా ఏడు హాప్‌ల దూరం ఉన్న గమ్యం పదమూడోదిగా కనబడేది, మధ్యలో అన్నీ నక్షత్రాలే. జవాబు కూడా ప్యాకెట్టేనని, దానికీ ఓ ప్రయాణం ఉందని ఆ లోపం గుర్తుచేస్తుంది.

అదే సింగపూర్ సర్వర్‌కు ట్రేస్‌రూట్ ఇలా వచ్చిందనుకుందాం:

```
$ traceroute -n 203.0.113.80
traceroute to 203.0.113.80 (203.0.113.80), 30 hops max, 60 byte packets
 1  192.168.1.1  1.104 ms  0.932 ms  0.917 ms
 2  100.64.0.1  4.210 ms  3.958 ms  4.377 ms
 3  198.51.100.9  5.031 ms  5.288 ms  4.846 ms
 4  198.51.100.33  14.612 ms  14.120 ms  14.305 ms
 5  * * *
 6  192.0.2.17  48.911 ms  131.740 ms  49.203 ms
 7  192.0.2.42  47.822 ms  47.610 ms  48.107 ms
 8  203.0.113.80  48.329 ms  48.015 ms  48.214 ms
```

మొదటిది ఇంట్లోని రౌటర్. రెండోది సర్వీస్ ప్రొవైడర్‌ది. 100.64తో మొదలయ్యే చిరునామాలు చాలా ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక నిలబెట్టేందుకు ప్రొవైడర్లు వాడుకునేవి. మూడు నుంచి నాలుగుకు తొమ్మిది మిల్లీసెకన్లు పెరిగాయి. హైదరాబాద్ నుంచి చెన్నై దాకా తీగ ప్రయాణానికి అది సరిపోతుంది. నాలుగు నుంచి ఆరుకు మరో 34 పెరిగాయి, అది సముద్రం. ఊళ్ల పేర్లు ట్రేస్‌రూట్ చెప్పదు. `-n` తీసేస్తే రౌటర్ల పేర్లు కనబడి, వాటిలో విమానాశ్రయాల సంకేతాక్షరాలేమైనా ఉంటే ఊహకు బలం చేకూరుతుంది. అయితే ఆ పేర్లను మనుషులు చేత్తో రాస్తారు. రౌటర్ ఊరు మారినా పాత పేరుతోనే ఉండిపోవడం మామూలే.

ఐదో హాప్ దగ్గర మూడు నక్షత్రాలను చూసి దారి అక్కడ తెగిందనడం తప్పు. తెగితే ఆరు, ఏడు, ఎనిమిది వచ్చేవే కావు. ఐదో రౌటర్ ప్యాకెట్లను ముందుకు తోస్తోంది, టైప్ 11 రాయడానికి మాత్రం ఇష్టపడటం లేదు. నక్షత్రాలు ఒక చోట మొదలై చివరిదాకా సాగితేనే అనుమానించాలి. అప్పుడు కూడా గమ్యం ముందున్న ఫైర్‌వాల్ యూడీపీని మింగుతోందేమో ముందు చూడాలి. వెబ్ సర్వర్ విషయంలో టీసీపీ 443 పోర్ట్‌కు ట్రేస్‌రూట్ చేస్తే ఆ అనుమానం తీరుతుంది. లినక్స్‌లో `traceroute -T -p 443` ఆ పని చేస్తుంది, దానికి రూట్ అనుమతి కావాలి.

ఆరో హాప్‌లో 131 మిల్లీసెకన్లు కనబడగానే కొందరు ఆ రౌటర్ మీద రద్దీ ఉందని ప్రొవైడర్‌కు ఫిర్యాదు రాస్తారు. ట్రేస్‌రూట్‌ను తప్పుగా చదవడంలో ఇదే అన్నిటికంటే ఎక్కువగా జరిగేది. ఆరు దాటి వెళ్లిన ప్యాకెట్లు ఏడు, ఎనిమిది నుంచి 48లోనే తిరిగి వచ్చాయి. ఆరులో నిజంగా క్యూ ఉంటే ఆ ఆలస్యం వాటి మీదా పడాలి. కారణం రౌటర్ నిర్మాణంలో ఉంది. దారిన పోయే ప్యాకెట్‌ను ముందుకు తోసేది అందుకే చేసిన చిప్. టీటీఎల్ తీరిన ప్యాకెట్‌కు సందేశం రాయాల్సి వస్తే ఆ పని తరచుగా రౌటర్‌లోని మామూలు ప్రాసెసర్ మీద పడుతుంది. ఆ ప్రాసెసర్‌కు అసలు పని దారుల పట్టికలను చూసుకోవడం. ఐసీఎంపీ రాయడం తీరిక దొరికితే చేసే పని. పైగా సెకనుకు ఇన్నే రాయాలని పరిమితి పెట్టి ఉంటుంది. కాబట్టి మధ్య హాప్‌లో ఆలస్యం గానీ నష్టం గానీ కనబడితే, అది అక్కడి నుంచి గమ్యం దాకా కొనసాగుతోందా అన్నదే చూడాల్సిన విషయం. కొనసాగకపోతే అది ఆ రౌటర్ బద్ధకమే తప్ప దారిలోని లోపం కాదు. ఏడో హాప్ సమయం ఆరో హాప్ కంటే తక్కువగా ఉండటానికీ ఇదే కారణం కావచ్చు.

కొనసాగినా దోషి ఆ హాపే అనలేం. ఇక్కడే పింగ్‌లో దొరికిన తొమ్మిది పనికొస్తుంది. సర్వర్ ఎనిమిదో హాప్ దగ్గర ఉంది, అంటే వెళ్లేటప్పుడు ప్యాకెట్ దాటినవి ఏడు రౌటర్లు. జవాబు దాటినవి తొమ్మిది. తిరుగుదారి వేరని తెలిసిపోతోంది. ఇంటర్నెట్‌లో ఇది మినహాయింపు కాదు, రివాజు. ఒక్కో నెట్‌వర్క్ తనకు చవకైన చోట ప్యాకెట్‌ను పక్కవాడికి అంటగడుతుంది, ఇద్దరి చవక ఒకచోట కలవదు. ట్రేస్‌రూట్ చూపే చిరునామాలన్నీ వెళ్లేదారివి. చూపే సమయాల్లో మాత్రం తెరపై కనబడని తిరుగుదారి కూడా కలిసి ఉంది, పైగా ఒక్కో హాప్‌కు ఆ తిరుగుదారి వేరుగా ఉండవచ్చు. నాలుగుకూ ఆరుకూ మధ్య పెరిగిన 34 మిల్లీసెకన్లు ఆ రెండింటి మధ్య తీగవే అని గట్టిగా చెప్పలేకపోవడానికి కారణం ఇదే. తిరుగుదారి చూడాలంటే అవతలి కొస నుంచి ఇటు ట్రేస్‌రూట్ చేయించడమే సులువైన మార్గం.

వెళ్లేదారి కూడా ఒకటే ఉండనక్కర్లేదు. రెండు సమాన దారులున్నప్పుడు రౌటర్ చిరునామాలను, పోర్ట్‌లను కలిపి లెక్కగట్టి, ఒక సంభాషణకు చెందిన ప్యాకెట్లన్నిటినీ ఒకే దారిన పంపుతుంది. జేకబ్సన్ పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌కూ పోర్ట్ మారుతుంది. రౌటర్ కంటికి అవన్నీ వేర్వేరు సంభాషణలే. ఐదో హాప్ పై దారిది, ఆరో హాప్ కింది దారిది అయ్యి, వాటి మధ్య లేని లింకు ఉన్నట్టు తెరపై కనబడుతుంది. ఒకే హాప్‌లో రెండు మూడు చిరునామాలు రావడం దీని ఆనవాలు. ఫ్రాన్స్ పరిశోధకులు 2006లో ప్రకటించిన పారిస్ ట్రేస్‌రూట్ దీనికి విరుగుడు కనిపెట్టింది. పోర్ట్‌లను కదలనివ్వకుండా, చెక్‌సమ్ మారేలా డేటాను సర్దుతుంది. యూడీపీ చెక్‌సమ్ కూడా ఆ ఎనిమిది బైట్లలోనే ఉంది కాబట్టి వాపసు వచ్చిన ముక్కను దాన్నిబట్టి గుర్తుపడుతుంది. రౌటర్ చూసేది ఒకటి, ట్రేస్‌రూట్ చూసేది మరొకటి. ఎనిమిది బైట్లను ఇంత పొదుపుగా వాడిన ఉదాహరణ ఇంకొకటి దొరకడం కష్టం.

పెద్ద ప్రొవైడర్ల లోపల ఎంపీఎల్‌ఎస్ ఉంటే మరో వింత. లేబుల్ అతికించిన ప్యాకెట్ టీటీఎల్‌ను లోపలి రౌటర్లు ముట్టుకోకుండా ప్రొవైడర్ ఏర్పాటు చేస్తే, పది రౌటర్ల సొరంగం ఒక్క అడుగులా కనబడుతుంది. ముట్టుకునేలా ఉంచితే ఇంకోలా. లోపలి రౌటర్‌కు తిరుగుదారి తెలియకపోవచ్చు కనుక, టైప్ 11 సందేశాన్ని సొరంగం చివరిదాకా పంపి అక్కణ్నుంచి వెనక్కి మళ్లిస్తుంది. అప్పుడు నాలుగైదు హాప్‌ల సమయాలన్నీ దాదాపు సమానంగా, అన్నిటికన్నా దూరపుదాని సమయంతో వస్తాయి. సముద్రం ఇవతల ఉన్న రౌటర్ కూడా అవతల ఉన్నట్టు అనిపిస్తుంది.

పింగ్ బాగానే పలుకుతూ, వెబ్ పేజీ మాత్రం సగంలో బిగుసుకుపోయే జబ్బు ఒకటుంది. దీనికి మూలం టైప్ 3 కోడ్ 4. టీసీపీ తన ప్యాకెట్లను ముక్కలు చేయవద్దన్న గుర్తుతో పంపుతుంది. దారిలో ఇరుకైన లింకు తగిలితే రౌటర్ ఈ సందేశం పంపి, తన లింకులో ఎంత పడుతుందో కూడా చెప్పాలి. ఆ పరిమాణం రాసే చోటును 1990లో జెఫ్రీ మొగల్, ట్రేస్‌రూట్‌కు ఊపిరిచ్చిన ఆ స్టీవ్ డీరింగ్ కలిసి ఖాయం చేశారు. ఐసీఎంపీ అంతా ప్రమాదమేనని ఏ ఫైర్‌వాల్ అధికారో దాన్ని మొత్తంగా ఆపేస్తే, పెద్ద ప్యాకెట్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి. పింగ్ ప్యాకెట్ 84 బైట్లే కనుక హాయిగా దూరిపోతుంది. కాబట్టి పింగ్‌నే పెద్దది చేసి పంపాలి:

```
$ ping -M do -s 1472 203.0.113.80
```

1472కు హెడర్లు 28 కలిపితే 1500, ఈథర్నెట్‌లో పట్టే గరిష్ఠం. పీపీపీఓఈ వాడే బ్రాడ్‌బ్యాండ్‌లో ఎనిమిది బైట్లు దానికే పోయి 1492 మిగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న దారిలో `Frag needed and DF set (mtu = 1492)` అన్న జవాబు వస్తుంది. 1472కు మౌనం, 1464కు జవాబు వస్తే, ఎక్కడో ఆ కబురును ఎవరో మింగుతున్నారని తేలినట్టే. అలా మింగేవారికి కారణం లేకపోలేదు. 1996లో అతిపెద్ద పింగ్ ప్యాకెట్‌తో యంత్రాలను కూల్చిన దాడి, ఆ తర్వాత బ్రాడ్‌కాస్ట్ చిరునామాకు ఎకో పంపి వందలాది జవాబులను ఒకరి నెత్తిన పోసిన స్మర్ఫ్ దాడి ఐసీఎంపీకి చెడ్డపేరు తెచ్చాయి. ఆ రెండింటికీ టైప్ 3 కోడ్ 4తో సంబంధమే లేదు.

ఐపీవీ6లో ఈ లెక్క మారింది. ఐసీఎంపీవీ6 ప్రోటోకాల్ సంఖ్య 58. లోప సందేశాలన్నీ 128 కంటే చిన్న సంఖ్యలు, ఎకో జంట 128, 129. టీటీఎల్‌ను హాప్ లిమిట్ అన్నారు, అది తీరితే వచ్చేది టైప్ 3. పింగ్, ట్రేస్‌రూట్ అదే ఉపాయంతో పనిచేస్తాయి. ప్యాకెట్ పెద్దదైందన్న కబురుకు మాత్రం సొంతంగా టైప్ 2 దక్కింది, ఎందుకంటే ఐపీవీ6 రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. పక్క యంత్రాన్ని వెతకడానికి ఏఆర్‌పీ చేసిన పని కూడా ఐసీఎంపీవీ6 చేతికే వచ్చింది. ఐపీవీ4లో ఐసీఎంపీని మొత్తంగా ఆపేసిన ఫైర్‌వాల్ వెనక చాలా పనులు కుంటుతూనైనా నడుస్తాయి. ఐపీవీ6లో అదే పని చేస్తే పక్కనున్న రౌటర్ కూడా దొరకదు.